మిలియన్లలో ఉన్న వార్షిక నివేదిక తెలుగులోకి: పట్టికలు లక్షల్లోనా, కోట్లలోనా, ఉన్నవి ఉన్నట్టేనా?

అనంత_అనువాదం (అనంతపురం)

అందరికీ నమస్కారం. ఒక కంపెనీ వార్షిక నివేదికను తెలుగులోకి మార్చే పని ఏజెన్సీ ద్వారా వచ్చింది. హిందీ భాగం వేరే వాళ్ళు చేస్తున్నారు. లెక్కల పట్టికలన్నీ "₹ మిలియన్లలో", రెండు దశాంశాలతో ఉన్నాయి. ఛైర్మన్ లేఖలో మాత్రం బిలియన్లు వాడారు. ఏజెన్సీ వాళ్ళు ఇచ్చిన సూచన ఒకే ఒక్క ముక్క: "పెద్ద మొత్తాలు లక్షలు, కోట్లలో రాయండి."

లేఖ వరకూ ఇబ్బంది లేదు. పట్టిక దగ్గరే ఆగిపోయాను. ఖర్చుల భాగం ఇలా ఉంది (కంపెనీ గుర్తుపట్టకుండా అంకెలు మార్చాను, కానీ సమస్య ఇదే):

ముడి సరుకులు 11,602.14
ఉద్యోగుల జీతభత్యాలు 1,987.36
వడ్డీ ఖర్చులు 412.75
తరుగుదల 638.29
ఇతర ఖర్చులు 1,894.56
మొత్తం ఖర్చులు 16,535.10

కోట్లలోకి మార్చాలంటే పదితో భాగించాలి. అట్లా చేసి రెండు దశాంశాలకు రౌండ్ చేస్తే 1,160.21, 198.74, 41.28, 63.83, 189.46 వస్తున్నాయి. ఇవి కూడితే 1,653.52. కానీ మొత్తం ఖర్చులను విడిగా మారిస్తే 1,653.51. చదివేవాళ్ళు ఎవరైనా కాల్‌క్యులేటర్ తీసుకుని కూడితే దొరికిపోతుంది. ఇలాంటివి ఎనభై పేజీల్లో ఎన్ని ఉంటాయో. మీరైతే ఏం చేస్తారు?

---

శెనక్కాయ (ధర్మవరం)

అక్కా, దీనికి ఇంత టెన్షన్ ఎందుకు? మిలియన్ అంటే పది లక్షలు, కోటిలో పదో వంతు. నువ్వు పదితో భాగించింది కరెక్టే. ఆ 0.01 తేడా రౌండాఫ్ తేడా, అంతే. దాన్ని తీసుకెళ్ళి "ఇతర ఖర్చులు" లైన్లో సర్దేయ్. 189.46 బదులు 189.45 రాస్తే టోటల్ ట్యాలీ అవుతుంది. నేను పనిచేసే ఆఫీసులో అందరూ చేసేది ఇదే.

---

బురుజు_కాడ (కర్నూలు)

ధర్మవరం తమ్ముడు చెప్పిన దాంట్లో సగం నిజం ఉంది. కంపెనీ తన లెక్కలు తాను తయారు చేసుకునేటప్పుడు రూపాయల నుంచి మిలియన్లకో కోట్లకో రౌండ్ చేస్తుంది. అప్పుడు వచ్చే చివరి అంకె తేడాని ఏదో ఒక పద్దులో సర్దడం మామూలే, ఆడిటర్లూ చూస్తారు, ఒప్పుకుంటారు. ఆ పని చేసే హక్కు కంపెనీకి ఉంది. అనువాదం చేసేవాళ్ళకు లేదు.

ఎందుకో ఈ అంకెల్లోనే చూడండి. ఇతర ఖర్చులు అసలు 189.456 కోట్లు. దాన్ని రౌండ్ చేస్తే 189.46. మీరు 189.45 అని రాశారంటే అది రౌండింగ్ కాదు, వేరే అంకె. పైగా "ఇతర ఖర్చులు" అనే లైన్ పక్కన ఒక నోట్ నంబర్ ఉంటుంది. ఆ నోట్‌కి వెళ్తే కరెంటు, రవాణా, మరమ్మతులు, ఆడిట్ ఫీజు అని పదీ పదిహేను లైన్లు విడగొట్టి ఉంటాయి. అక్కడి టోటల్ మళ్ళీ 189.46 వస్తుంది. ఒక చోట సర్దితే ఇంకో చోట తేలుతుంది. అక్కడ కూడా సర్దితే, నగదు ప్రవాహాల పట్టికలో, గత ఏడాది కాలమ్‌లో, సెగ్మెంట్ నోట్‌లో వరసగా తేలుతూనే ఉంటుంది.

అనంతపురం అమ్మా, మీ సమస్యకు కారణం చిన్నదే. మిలియన్లలో రెండో దశాంశం విలువ పది వేల రూపాయలు. కోట్లలో రెండో దశాంశం విలువ లక్ష రూపాయలు. అంటే కోట్లలో రెండు దశాంశాలే ఉంచుకుంటే ప్రతి లైన్లోనూ ఒక అంకె పారేస్తున్నట్టు. పారేసినవన్నీ కలిసి చివర్లో 0.01 అయి కనిపిస్తున్నాయి.

ఆ అంకె పోకుండా ఉండాలంటే రెండు దారులు. ఒకటి లక్షల్లోకి మార్చడం: పదితో గుణించి, ఒక్క దశాంశం ఉంచుకోవాలి. 1,16,021.4, తర్వాత 19,873.6, తర్వాత 4,127.5, 6,382.9, 18,945.6. కూడి చూడండి, 1,65,351.0 నిక్కచ్చిగా వస్తుంది. రెండోది కోట్లలోనే ఉంచి మూడు దశాంశాలు రాయడం: 1,160.214, 198.736, ఇలా. ఇదీ సరిపోతుంది.

ఏది వాడాలన్నది తర్వాతి మాట. అసలు ఆడిటైన పట్టికలను మార్చవచ్చా అన్నది ఇంకా ముందు తేలాల్సిన ప్రశ్న. దాని గురించి సాయంత్రం రాస్తాను, ఇప్పుడు క్లయింట్ వచ్చారు.

---

పొద్దుటూరు_పద్దులు (ప్రొద్దుటూరు)

మాది బంగారు అంగడి, లెక్కలు నేనే చూస్తా. డాలర్లలో ఉన్నవి రూపాయల్లోకి మార్చేటప్పుడు ఆ రోజు రేటు వేయాలా, మార్చి 31 రేటు వేయాలా? మాకు దిగుమతి బిల్లుల్లో రోజూ ఇదే గొడవ. మిలియన్ డాలర్లు అని ఉంటే మీరు ఎంత రేటు కడతాండారు?

---

అనంత_అనువాదం

అన్నా, ఇక్కడ రేటు సంగతి లేదు. నివేదికలో ఉన్నది రూపాయల మిలియన్లు. కరెన్సీ మారదు, లెక్కించే కొలత ఒక్కటే మారుతుంది. లేఖలో ఒకచోట "1.2 మిలియన్ డాలర్ల ఎగుమతి ఆర్డరు" అని ఉంది, దాన్ని "12 లక్షల డాలర్లు" అని రాశాను. రూపాయల్లోకి మార్చలేదు.

---

బురుజు_కాడ

కరెక్ట్. డాలర్లను రూపాయలు చేయడం అనువాదం పని కాదు. ఏ తేదీ రేటు వేసినా ఆ అంకె అసలు నివేదికలో ఎక్కడా ఉండదు. ప్రొద్దుటూరు సార్ దిగుమతి బిల్లుల ప్రశ్న వేరే శాస్త్రం, దానికి వేరే చర్చ మొదలుపెట్టండి, నాకు తెలిసింది చెప్తాను.

---

పొద్దుటూరు_పద్దులు

సరే సార్, అర్థమయింది. అట్లే మొదలుపెడతా.

---

కడప_మేనేజర్ (కడప)

నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. ఒక మాట గుర్తుచేస్తాను. బ్యాంకుల బ్యాలెన్స్ షీట్లన్నీ మిలియన్లలోనో లక్షల్లోనో ఉండవు. బ్యాంకింగ్ రెగ్యులేషన్ చట్టం మూడో షెడ్యూలు ఫారంలోనే "మూడు సున్నాలు వదిలేశాం" అన్న గుర్తు ఉంటుంది, అంటే అంకెలు వేలల్లో. మా ఊళ్ళో ఒక సహకార సంఘం వాళ్ళు సభ్యులకు పంచడానికి నివేదికను తెలుగు చేయమని నన్నే అడిగారు. డిపాజిట్ల దగ్గర 45,67,890 అని ఉంది, పైన "వేలల్లో". కమిటీలో ఒకాయన దాన్ని నలభై ఐదు లక్షలు అని చదివి "ఇంతేనా మన డిపాజిట్లు" అని గొడవ పెట్టుకున్నాడు. నిజానికి అది 456 కోట్ల చిల్లర. వందతో భాగిస్తే లక్షలు: 45,678.90. పది వేలతో భాగిస్తే కోట్లు: 456.789.

ఇంకోటి. మేం చదువుకునే రోజుల్లో పుస్తకంలో బిలియన్ అంటే మిలియన్ మిలియన్లు అని ఉండేది, అంటే లక్ష కోట్లు. ఇప్పుడు అందరూ వంద కోట్లు అంటున్నారు. లేఖలో బిలియన్లు ఉన్నాయన్నారు కదా, ఏది పట్టుకోవాలో ఒకసారి చూసుకోండి.

---

బురుజు_కాడ

సార్, మీ పుస్తకం తప్పు కాదు, అది పాత బ్రిటిష్ లెక్క. బ్రిటన్ ప్రభుత్వమే 1974లో దాన్ని వదిలేసి వెయ్యి మిలియన్లనే బిలియన్ అనడం మొదలుపెట్టింది. ఇప్పుడు మన కంపెనీల నివేదికల్లో బిలియన్ అంటే వంద కోట్లే, ట్రిలియన్ అంటే లక్ష కోట్లు. అనుమానం ఉంటే పట్టికతో సరిచూసుకోవచ్చు. ఈ నివేదికలో ఆదాయం లేఖలో ఎంతుంది, పట్టికలో ఎంతుంది అమ్మా?

---

అనంత_అనువాదం

లేఖలో 18.25 బిలియన్లు. లాభనష్టాల పట్టికలో కార్యకలాపాల ఆదాయం 18,246.37 మిలియన్లు.

---

బురుజు_కాడ

చూశారా, పాత లెక్కలో ఇవి రెండూ ఒక్కటి కావు. వంద కోట్ల లెక్కలో 1,825 కోట్లు, పట్టికలో 1,824.637 కోట్లు, ఒకదానికొకటి కుదిరాయి.

ఇక్కడే లేఖ గురించి ఒక్క మాట. "18.25 బిలియన్లు" అన్నదాన్ని "1,825 కోట్లు" అనే రాయండి. పట్టిక చూసి "1,824.64 కోట్లు" అని లేఖలో రాయాలనిపిస్తుంది, మరీ ఖచ్చితంగా ఉంటుంది కదా అని. ఛైర్మన్ అంత ఖచ్చితంగా చెప్పలేదు. ఆయన నాలుగు అంకెల వరకే చెప్పాడు, మనమూ అంతే చెప్పాలి. అలాగే "సుమారు 2 మిలియన్ల వినియోగదారులు" అంటే "సుమారు 20 లక్షల మంది".

పొద్దున చెప్తానన్న సంగతి. కంపెనీల చట్టం 2013, మూడో షెడ్యూలు ఏం చెప్తుందంటే, మొత్తం ఆదాయం వంద కోట్ల లోపు ఉన్న కంపెనీ అంకెలను వందలు, వేలు, లక్షలు లేదా మిలియన్లకు రౌండ్ చేయాలి. వంద కోట్లు, ఆపైన ఉంటే లక్షలు, మిలియన్లు లేదా కోట్లకు. దశాంశాలు వాడుకోవచ్చు, ఎన్ని అన్న పరిమితి లేదు. 2021 సవరణకు ముందు "చేయవచ్చు" అని ఉండేది, ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి "చేయాలి" అయింది. దీనికి తోడు ఇంకో షరతు: ఒక కొలత ఎంచుకున్నాక లెక్కలన్నిటిలోనూ అదే వాడాలి.

ఈ కంపెనీ మిలియన్లు ఎంచుకుంది. బోర్డు సంతకం చేసింది, ఆడిటర్ సంతకం చేసింది ఆ మిలియన్ల పట్టికల మీదే. తెలుగు ప్రతిలో అదే ఆడిటర్ నివేదిక అనువాదం ఉంటుంది, దాని వెనకాలే వేరే అంకెల పట్టికలు ఉంటాయి. "జతపరచిన ఆర్థిక నివేదికలను ఆడిట్ చేశాం" అని అక్కడ రాసి ఉంటుంది. ఆ జతపరచినవి ఏవి? అందుకే నా సలహా, ఆడిటైన పట్టికలను ముట్టుకోకండి. శీర్షికలో "₹ మిలియన్లలో" అనే ఉంచి, ప్రతి పట్టిక కింద కాకపోయినా మొదటి పేజీలో "1 మిలియన్ = 10 లక్షలు, 10 మిలియన్లు = 1 కోటి" అని ఒక లైను వేయండి. ఐపీఓ ప్రాస్పెక్టస్‌లలో కొలతల గురించి చెప్పే భాగంలో ఇలాంటి వివరణ ముందే రాసి ఉంటుంది, అదేమీ కొత్త పద్ధతి కాదు. లేఖలు, యాజమాన్య విశ్లేషణ, ముఖ్యాంశాల పేజీలు మాత్రం నిస్సంకోచంగా కోట్లలోకి మార్చండి. అవి కథనం.

పాత పత్రికల్లోనూ గమనించండి. లిస్టయిన కంపెనీలు తమ ఫలితాలను ఒక ఇంగ్లిష్ పత్రికలోనూ, రిజిస్టర్డ్ ఆఫీసు ఉన్న ప్రాంతపు భాషలో ఒక పత్రికలోనూ ప్రకటించాలని 2024 డిసెంబరు సవరణ దాకా సెబీ లిస్టింగ్ నియమాలైన ఎల్ఓడీఆర్ 47వ నిబంధనలో ఉండేది. అప్పటి రెండు ప్రకటనలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఈ సంగతి మీకే తెలుస్తుంది. కంపెనీ లక్షల్లో ఇచ్చి ఉంటే తెలుగులోనూ లక్షలే, మిలియన్లలో ఇచ్చి ఉంటే మిలియన్లే పెట్టేవారు.

---

కడప_మేనేజర్

చట్టం చెప్పారు, బాగుంది. కానీ నా అభ్యంతరం చెప్పనివ్వండి. తెలుగు ప్రతి ఎవరి కోసం వేస్తున్నారు? ఇంగ్లిష్ చదవగలిగినవాడు ఇంగ్లిష్ ప్రతే చూస్తాడు. తెలుగు ప్రతి తెరిచేది ఊళ్ళో వంద షేర్లు కొనుక్కున్న రిటైర్డ్ టీచరు. ఆయనకు మిలియన్ అంటే ఏమిటో ప్రతి లైనుకీ మనసులో లెక్క కట్టుకోమనడం న్యాయమా? లేఖలో 1,825 కోట్లు అని చదివి, పట్టికకు వచ్చేసరికి 18,246.37 కనిపిస్తే రెండూ ఒకటే అని ఎంతమందికి తెలుస్తుంది? అసలు అనువాదం ఎందుకు చేసినట్టు?

---

బురుజు_కాడ

ఈ అభ్యంతరానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు సార్. చదివేవాడి వైపు నుంచి మీది న్యాయమే. నేను సంతకం పెట్టేవాడి వైపు నుంచి చూస్తున్నాను. క్లయింటు లిఖితపూర్వకంగా "పట్టికలు కూడా మార్చండి, తేడా వస్తే ఇంగ్లిష్ ప్రతే చెల్లుతుందని ముందు పేజీలో వేస్తాం" అంటే మార్చవచ్చు. ఏజెన్సీ ఒక్క ముక్క ఈమెయిలు చాలదు.

---

డీటీపీ_నంద్యాల (నంద్యాల చెక్‌పోస్టు, కర్నూలు)

నేను పేజీలు కట్టేవాడిని, లెక్కలు నాకు రావు. కానీ రోజూ చూసేది చెప్తాను. మా దగ్గరకు వచ్చే ఫైళ్ళలో ఎక్కువగా జరిగే తప్పు ఏమంటే, శీర్షికలో "మిలియన్లలో" తీసేసి "లక్షల్లో" అని పెడతారు, కింద అంకెలు అలాగే ఉంటాయి. అనువాదం చేసినవాళ్ళు పట్టిక శీర్షిక ఒక్కటే వాక్యం అనుకుని దాన్ని మార్చేస్తారు, అంకెలు "అనువాదం అక్కర్లేనివి" కాబట్టి వదిలేస్తారు. 18,246.37 లక్షలు అంటే 182 కోట్లే కదా? కంపెనీ పదో వంతు అయిపోయింది. అంకెలు ఎక్కడా మారలేదు కాబట్టి ప్రూఫ్ చూసేవాళ్ళు ఇంగ్లిష్‌తో పక్కపక్కన పెట్టి చూసినా పట్టుకోలేరు, అన్నీ సరిగ్గానే కనిపిస్తాయి.

మూడు దశాంశాల కోట్లు అన్నారు కదా సార్, దాంట్లో నాకొక భయం. ఏడు పాయింట్ల అక్షరాల్లో 1,160.214 అచ్చయితే చుక్కకీ కామాకీ తేడా తెలియదు. పదకొండు లక్షల అరవై వేలు అని చదివేస్తారు.

---

శెనక్కాయ

అబ్బా, ఆ చుక్క సంగతి నాకు తట్టలేదు. పోనీ లక్షల్లో పెడితే? 1,16,021.4 లక్షలు.

---

కడప_మేనేజర్

నాయనా, దాన్ని గట్టిగా చదివి చూడు. "లక్షా పదహారు వేల ఇరవై ఒక్క లక్షలు." ఎవరైనా అట్లా మాట్లాడతారా? లక్షల్లో రాసే అంకె వంద దాటితే కోటికి పోతాం మనం. ఆ పట్టిక ఖచ్చితంగా ఉంటుంది కానీ తెలుగువాడు చదివే అంకె కాదది.

---

అనంత_అనువాదం

ఇప్పుడు నా పరిస్థితి చూడండి. లక్షలు కచ్చితం కానీ నోటికి పట్టవు. రెండు దశాంశాల కోట్లు నోటికి పడతాయి కానీ ట్యాలీ కావు. మూడు దశాంశాల కోట్లు ట్యాలీ అవుతాయి కానీ అచ్చులో మోసం చేస్తాయి. మిలియన్లు అలాగే ఉంచితే సంతకం క్షేమం, చదివేవాళ్ళకు కష్టం. సూచనలో రాసిన ఆ ఒక్క వాక్యం ఇన్ని తలనొప్పులు తెచ్చింది.

---

ఆదోని_హిందీ (ఆదోని)

నేను హిందీ వైపు పనిచేస్తాను. ఈ నివేదిక కాదు, ఇలాంటివి. మా బాధ ఇంకొంచెం వేరు. హిందీలో బిలియన్‌కు సరిగ్గా సరిపోయే "అరబ్" ఉంది. 18.25 బిలియన్లు అంటే 18.25 అరబ్, గుణించక్కర్లేదు, భాగించక్కర్లేదు. తొందరలో ఉన్న అనువాదకులు అటే పోతారు. హిందీ పత్రికల్లో డాలర్ల వార్తల్లో అరబ్ కనిపిస్తుంది కూడా. కానీ ఆర్థిక పత్రాల్లో నేను "కరోడ్"నే వాడతాను. కేంద్ర బడ్జెట్ పత్రాల హిందీ ప్రతిలో పట్టికల మీద ఉండేది కూడా "కరోడ్" అనే. అదే కంపెనీ తెలుగు ప్రతిలో 1,825 కోట్లు, హిందీ ప్రతిలో 18.25 అరబ్ అని ఉంటే, రెండు భాషలూ తెలిసిన సమీక్షకుడు ఒక్కడు చాలు ప్రశ్నలు వేయడానికి.

కాబట్టి అక్కా, మీరు మార్చే ముందు హిందీ వాళ్ళతో ఒకసారి మాట్లాడండి. ఇద్దరూ ఒకే కొలత వాడాలి. లేఖలో ట్రిలియన్ వస్తే మేం "లాఖ్ కరోడ్" అంటాం, మీరు "లక్ష కోట్లు" అంటారు, అక్కడ పేచీ లేదు.

ఇంకో సంగతి, దశాంశాలు చెవికి మోసం చేస్తాయి. 1.5 కోట్లు అంటే కోటి యాభై లక్షలు. 1.05 కోట్లు అంటే కోటి ఐదు లక్షలు. యాజమాన్య విశ్లేషణలో అంకెను అక్షరాల్లో విప్పి రాయమంటారు చూడండి, అక్కడ ఈ సున్నా ఎగిరిపోతుంది. ఒకసారి నా చేతికి సమీక్షకు వచ్చిన ప్రతిలో 12.07 కోట్లను "పన్నెండు కోట్ల డెబ్బై లక్షలు" అని విప్పారు.

---

బురుజు_కాడ

ఆదోని వాళ్ళు మంచి మాట చెప్పారు. అనంతపురం అమ్మా, క్లయింటు చివరికి పట్టికలు మార్చమనే అంటే పని ఎలా చేయాలో చెప్తాను. అనువాద సాఫ్ట్‌వేర్‌లో చేయకండి. అందులో అంకెలు మాత్రమే ఉన్న గళ్ళను చాలా సాఫ్ట్‌వేర్లు తామే దాటించేస్తాయి. కొన్ని పట్టికలు మారి కొన్ని మారకుండా మిగిలిపోతాయి. పైగా చివర్లో అంకెల తనిఖీ పెడితే మీరు మార్చిన ప్రతి అంకె దగ్గరా ఎర్ర గుర్తు వస్తుంది. అన్నీ మీరు కావాలని మార్చినవే కాబట్టి వరసగా కొట్టేసుకుంటూ పోతారు, వాటి మధ్య ఉన్న నిజమైన తప్పు కూడా కొట్టేసినట్టే.

పట్టికలను ఎక్సెల్‌లో విడిగా తీసుకోండి. బీ కాలమ్‌లో అసలు మిలియన్లు, సీ కాలమ్‌లో మారినవి. మీ ఖర్చుల ఐదు లైన్లు 5 నుంచి 9 వరకు, మొత్తం 10వ వరసలో అనుకుందాం. C5లో ఇది రాసి C10 వరకు లాగండి, తనిఖీ పక్కన ఖాళీ గడిలో:

```
=ROUND(B5/10,2)
=SUM(C5:C9)-C10
```

మీ అంకెలతో తనిఖీ 0.01 చూపిస్తుంది. ఇందులో కిటుకు `ROUND`లో ఉంది. ఊరికే `=B5/10` రాసి, గడి ఫార్మాట్‌లో రెండు దశాంశాలు పెట్టారనుకోండి, తెర మీద అవే అంకెలు కనిపిస్తాయి కానీ తనిఖీ సున్నా చూపిస్తుంది. ఎందుకంటే లోపల 1,160.214 అలాగే ఉంది, ఎక్సెల్ దాన్నే కూడుతోంది. కాగితం మీద చదివేవాడు కనిపించే అంకెలనే కూడతాడు. చాలామంది "నేను ఎక్సెల్‌లో చెక్ చేశాను, ట్యాలీ అయింది" అంటారే, అది ఇదే.

ఇంకా జాగ్రత్త. ఫార్ములాను పట్టిక చివరిదాకా లాగేయకండి. లాభనష్టాల పట్టిక అడుగున ఒక్కో షేరుపై ఆర్జన ఉంటుంది, అది రూపాయల్లోనే ఉంటుంది, 27.94 అనుకోండి. లాగితే అది 2.79 అవుతుంది. షేరు ముఖ విలువ 10 రూపాయలు కాస్తా 1 అవుతుంది. నిష్పత్తులు, శాతాలు కూడా అంతే. గట్టిగా లాగితే నోట్ నంబర్ 24 కూడా 2.4 అయిపోతుంది, నవ్వకండి. షేర్ల సంఖ్య మాత్రం మిలియన్లలో ఇచ్చి ఉంటే మార్చాలి: 50 మిలియన్ల షేర్లు అంటే 5 కోట్ల షేర్లు.

---

శెనక్కాయ

సార్, కామాలు మన పద్ధతిలో రావడానికి నేను ఈ ఫార్మాట్ వాడతా, అక్కకు పనికొస్తుంది:

```
[>=10000000]##\,##\,##\,##0;[>=100000]##\,##\,##0;##,##0
```

---

బురుజు_కాడ

పనికొస్తుంది తమ్ముడూ, కానీ రెండు చోట్ల దెబ్బతీస్తుంది. ఒకటి, దీంట్లో దశాంశాలు లేవు, 1,824.64 కాస్తా 1,825 అని కనిపిస్తుంది. రెండోది, నష్టాలు, అంటే మైనస్ అంకెలు. మొదటి రెండు షరతులూ పాజిటివ్ అంకెలకే. మైనస్ అంకె ఎంత పెద్దదైనా మూడో భాగంలోకి పోయి పడుతుంది. 12,34,567 మన పద్ధతిలో వస్తుంది, నష్టం మాత్రం -1,234,567 అని వస్తుంది. ఒకే కాలమ్‌లో రెండు రకాల కామాలు. లాభాల కంపెనీకి ఎవరికీ తెలియదు, నష్టం వచ్చిన ఏడాది బయటపడుతుంది.

విండోస్ రీజియన్ సెట్టింగ్స్‌లో అంకెల గుంపులను 12,34,56,789 అని పెట్టుకుంటే మామూలు ఫార్మాట్‌లోనే మైనస్‌తో సహా మన కామాలు వస్తాయి. అయితే అది మీ కంప్యూటర్ సెట్టింగ్, ఫైలుది కాదు. అదే ఫైలు అమెరికా సెట్టింగ్ ఉన్న మెషిన్‌లో తెరిస్తే మళ్ళీ మూడేసి అంకెలకు కామా. అందుకే పేజీలు కట్టేవాళ్ళకు ఎక్సెల్ ఫైలుతో పాటు పీడీఎఫ్ కూడా పంపండి.

---

డీటీపీ_నంద్యాల

చేతులెత్తి దండం పెడతా సార్, పీడీఎఫ్ పంపమని అందరికీ చెప్పండి. పాత యూనికోడ్ కాని ఫాంట్లు వాడే చోట ₹ గుర్తు కూడా ఎగిరిపోయి చదరపు డబ్బా వస్తుంది. ఆ గుర్తు వచ్చిందే 2010లో కదా, అంతకు ముందు చేసిన ఫాంట్లలో ఎక్కడుంటుంది. అక్కడ "రూ." అని పెట్టడమే మేలు.

---

అనంత_అనువాదం

ఏజెన్సీకి ఈమెయిలు పెట్టాను. లేఖలు, విశ్లేషణ, ముఖ్యాంశాలు కోట్లలో చేస్తాను, ఆడిటైన పట్టికలు మిలియన్లలోనే ఉంచి మొదటి పేజీలో కొలత వివరణ వేస్తాను, పట్టికలు కూడా మార్చాలంటే క్లయింటు రాసి ఇవ్వాలి, ఇంగ్లిష్ ప్రతే చెల్లుతుందన్న లైను వాళ్ళే వేయాలి అని. హిందీ చేస్తున్న వాళ్ళ నంబరు కూడా అడిగాను.

జవాబు వచ్చింది. క్లయింటు అంటున్నది ఏమంటే, పట్టికలు మిలియన్లలోనే ఉంచండి, కానీ ముఖ్యాంశాల పేజీలో ఐదేళ్ళ పట్టిక ఉంది కదా, అది మాత్రం కోట్లలో కావాలట. దానికి ఆడిట్ సంతకం లేదు. కానీ అందులో మొదటి రెండేళ్ళ అంకెలు లక్షల్లో ఉన్న పాత నివేదిక నుంచి తెచ్చి మిలియన్లు చేసినవి, పక్కన చిన్న అక్షరాల్లో రాసి ఉంది. అంటే ఇప్పటికే ఒకసారి రౌండ్ అయిన అంకెలు. వాటిని మళ్ళీ రౌండ్ చేయాలా, పాత నివేదిక తెచ్చుకుని లక్షల నుంచి నేరుగా కోట్లకు మార్చాలా?

---

బురుజు_కాడ

పాత నివేదిక దొరికితే లక్షల నుంచి నేరుగా వందతో భాగించండి. రౌండ్ చేసిన దాన్ని మళ్ళీ రౌండ్ చేస్తే చివరి అంకె పక్కకు జరగవచ్చు. ఉదాహరణకు లక్షల్లో 41,274.6 అనుకోండి. నేరుగా కోట్లలో రెండు దశాంశాలకు చేస్తే 412.75. అదే కంపెనీ వాళ్ళు దాన్ని పూర్తి మిలియన్లకు రౌండ్ చేసి 4,127 అని వేసి ఉంటే, మీకు వచ్చేది 412.70. ఐదు లక్షలు పోయాయి.

---

కడప_మేనేజర్

అట్లా చేస్తే ఇంగ్లిష్ ప్రతిలో 4,127 మిలియన్లు, తెలుగులో 412.75 కోట్లు ఉంటాయి. పోల్చి చూసినవాడికి రెండూ కలవవు కదా? పొద్దున మీరే అన్నారు, ఇంగ్లిష్‌లో లేని అంకె రాయకూడదని.

---

బురుజు_కాడ

అదీ నిజమే సార్. ఆ రెండేళ్ళ వరకు దశాంశాలు తీసేసి 413 కోట్లు అని వేస్తే రెండు వైపులా సరిపోతుంది. కానీ మిగతా మూడేళ్ళు రెండు దశాంశాలతో ఉంటాయి, ఒకే వరసలో రెండు తీర్లు. ఐదేళ్ళకూ దశాంశాలు తీసేయడానికి క్లయింటు ఒప్పుకుంటారేమో అడగండమ్మా.

---

అనంత_అనువాదం

అడిగాను. సోమవారం చెప్తామన్నారు.